జనవరి నాలుగు, పొద్దున్న నాలుగు గంటలు

ఆ కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. డ్రైవరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె గీతలమ్మే. ఇరవై ఆరేళ్ల పాటు కాగితం మీద గీతలు లెక్కపెట్టింది గనక ఆ పేరు స్థిరపడింది. ఏం గీతలమ్మా, ఎందుకమ్మా ఆ లెక్క అని అడిగిన పుణ్యాత్ములు మాత్రం తక్కువ. అడిగితే చెప్పాలని ఆమెకు ఎంతో ఉండేది.

ఊరి చివర, రేడియో తరంగాలను కొలిచే కేంద్రం అది. నడవా చివరి గది ఆమెది. పొడవాటి బల్ల, దానికి రెండు కొసల్లో రెండు చెక్క రోలర్లు, ఒక భూతద్దం, పెన్సిలు చెక్కుకునే బ్లేడు, గోడకు ఆనించి ఒక రేడియో రిసీవరు, దాని పక్కన గంటకు ఇంత అని కాగితాన్ని లాగుతూ పోయే కలం యంత్రం. రిసీవరును ఎక్కడో వెయ్యి మైళ్ల అవతలి ప్రసార స్తంభానికి కలిపి పెట్టారు. అంత దూరపు స్తంభం మామూలుగా ఇక్కడికి వినపడదు, భూమి గుండ్రటి వీపు అడ్డం. కానీ పైన, అరవై మైళ్ల ఎత్తున ఒక ఉల్క మండిందనుకోండి, దాని వెనక గాలిలో విద్యుత్తు నిండిన చార ఒకటి క్షణంసేపు మిగులుతుంది. ఆ చారకు తగిలి స్తంభం పలుకు ఇటు తిరుగుతుంది, కలం ఎగిరిపడుతుంది, కాగితం మీద ఒక నిలువు గీత పడుతుంది. మబ్బు పట్టినా, పట్టపగలైనా దానికి లెక్కలేదు. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఆమె పాత కాగితపు చుట్ట తీసి కొత్తది ఎక్కించేది, మొదలైన సమయం కొసన రాసేది, నిన్నటి చుట్టను రోలర్ల మధ్య పరిచి, పది నిమిషాలకెన్ని, గంటకెన్ని అని గీతలు లెక్కపెట్టి రిజిస్టరులోకి ఎక్కించేది. అదీ ఉద్యోగం.

ఇంట్లో ఆయన దర్జీ. "మా ఆవిడకు ఆకాశంలో రాళ్లు లెక్కపెట్టినందుకు జీతమిస్తారు. నాకు కిందున్న మనుషుల్ని కొలిచినా ఇవ్వరు" అని వచ్చినవాళ్లందరికీ టేపు మెడలో వేసుకుని చెప్పేవాడు. చెప్పడంలో ఎగతాళి కన్నా గర్వమే ఎక్కువ. ఆమె పైకి విసుక్కునేది గానీ, ఆయన చెప్పకపోతే ఆ రోజు వెలితిగా ఉండేది.

మామూలు రోజుల్లో గీతలకు ఒక పద్ధతుంది. తెల్లవారుజామున దట్టంగా, సాయంత్రం పలచగా. భూమి తన దారిలో ముందుకు పోతున్నప్పుడు తెల్లవారే వైపే ఎదురుగా ఉంటుంది, అందుకని ఆ పూట ఎక్కువ తగులుతాయి. దీనికి తోడు ఏటా కొన్ని తేదీల్లో గీతలు ముసురుకుంటాయి. మిగతా తేదీల్లో అవి రెండు మూడు రోజులు తీరిగ్గా పెరిగి తగ్గేవి. జనవరి మొదటి వారంలో వచ్చేది మాత్రం అలా కాదు. నాలుగైదు గంటల్లో కాగితం నల్లబడిపోయేది, మళ్లీ అంతా సద్దుమణిగేది. ఆమె చేరిన తొలి జనవరిలో అది నాలుగో తేదీ పొద్దున్న నాలుగు గంటలకు వచ్చింది. ఆ చుట్ట పరిచి లెక్కపెడుతూ ఆమె మధ్యాహ్నం తిండి సంగతే మరిచిపోయింది.

రెండో ఏడు అదే తేదీన పొద్దున్న పది గంటలకు వచ్చింది. మూడో ఏడు సాయంత్రం నాలుగుకు. నాలుగో ఏడు రాత్రి పదికి. ఆమెకు వింతగానే తోచింది, కానీ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసింది.

నాలుగో ఏడు అప్పటి డైరెక్టరు రిజిస్టరు తెప్పించుకున్నాడు. ఆయన్ని అందరూ పెద్దసారు అనేవారు. యాంటెన్నాల విషయంలో మొనగాడు, అందులో వంక పెట్టే పని లేదు. ఉల్కల లెక్క మాత్రం పైవాళ్లు అంటగట్టిన పని గనక దాని మీద ఆయనకు మొదట్నుంచీ చిన్నచూపే. తనకు తెలియని సంగతి ఒకటి ఉంటుందన్న అనుమానం ఆయన బుర్రకు ఎన్నడూ సోకలేదు.

"ఏమ్మా, చుట్ట ఎక్కించేటప్పుడు గడియారం చూస్తున్నావా, గోడ చూస్తున్నావా?"

"గడియారమే సార్. రెండు సార్లు చూసి రాస్తున్నాను."

"చూస్తే ఏటా ఆరు గంటలు ఎలా తప్పుతుంది? పుస్తకంలో ఏముంది? ఏటా అదే తేదీకి వస్తుందని ఉందా లేదా? తోకచుక్క తన దారంతా ధూళి రాల్చుకుంటూ పోతుంది, ఇసుక లారీ రోడ్డంతా ఇసుక కార్చుకుంటూ పోయినట్టు. ఆ రోడ్డు అక్కడే ఉంటుంది. మనం ఏటా అదే చోట ఆ రోడ్డు దాటుతాం. అదే చోటికి అదే టైముకే కదా రావాలి? నీ రిజిస్టరులో లారీ పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి తిరుగుతోందేంటి?"

గదిలో ఉన్న ఇద్దరు ఇంజినీర్లు నవ్వారు.

"కాగితం మీద అలాగే ఉంది సార్."

"కాగితం మీద ఉన్నది నువ్వు రాసిన టైము. మొదటి ఏడు సరిగ్గా పెట్టావు, తర్వాత నిర్లక్ష్యం. ఆ మూడేళ్ల పేజీలు మళ్లీ రాసుకురా. శిఖరం నాలుగో తేదీ పొద్దున్న నాలుగుకి ఉండాలి."

ఆ రాత్రి అన్నం కలుపుతూ ఆయనకు చెప్పింది. దర్జీ కంచంలోంచి తలెత్తాడు. "కొలత తేడాగా ఉంటే మళ్లీ కొలుస్తాం. అంతేగానీ చొక్కాకు సరిపోలేదని మనిషి చెయ్యి కోస్తామా?" అన్నాడు. మాట బాగానే ఉంది. కానీ అప్పటికి ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఏటా మార్చిలో ఇంకో ఏడాది ఉంచాలా వద్దా అని రాసేది పెద్దసారే. మర్నాడు ఆమె మూడేళ్ల పేజీలు మళ్లీ రాసింది. గీతలు ముసిరిన గంటల అంకెలన్నీ ఎత్తి తెల్లవారుజామున పెట్టింది, అక్కడి అంకెలు తెచ్చి ఖాళీ అయిన గళ్లలో సర్దింది. పాత పేజీలు పెద్దసారే చించాడు.

చుట్టల సంగతా? రిజిస్టరులోకి ఎక్కించాక చుట్టలకు విలువ లేదని ఆఫీసు లెక్క. ఏడాది తిరగగానే అవి క్యాంటీనుకు పోయేవి. క్యాంటీను ఆయన వాటిని బల్లల మీద పరిచేవాడు. పది మంది ఇంజినీర్లు ఉల్కల వాన మీద పళ్లేలు పెట్టుకుని తినేవారు, పులుసు ఒలికితే చించి ఉండ చుట్టి పడేసేవారు.

ఐదో ఏడు ఏమైందో వినండి. ఆ జనవరిలో గీతలు వాటంతట అవే నాలుగో తేదీ తెల్లవారుజామున నాలుగున్నర దాటాక ముసిరాయి. ఆమె ఏమీ మార్చలేదు, మార్చే పని పడలేదు. పెద్దసారు రిజిస్టరు చూసి బల్ల మీద చరిచాడు. "చూశావా! ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే ఎంత సరిగ్గా వచ్చిందో!" అన్నాడు. ఆమె తనను తానే అనుమానించుకుంది. నిజంగా తన చెయ్యే తప్పిందేమో, నిద్రమొహంతో టైము రాసిందేమో అనుకుంది. అబద్ధం చెప్పించడం ఒక ఎత్తు. చూసిన కళ్లనే నమ్మకుండా చెయ్యడం ఇంకో ఎత్తు. పెద్దసారు రెండోది ఖర్చు లేకుండా సాధించాడు. ఆరో ఏడు గీతలు పదిన్నరకు వస్తే, ఎవరూ చెప్పకుండానే ఆమె వాటిని నాలుగుకు జరిపింది.

తొమ్మిదో ఏడు వాళ్ల అమ్మాయి అయిదో తరగతిలో ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే, అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఫిబ్రవరికి నాలుగేళ్లకోసారి ఒకరోజు ఎందుకు ఎక్కువ?"

"మీ టీచరు చెప్పలేదా?"

"చెప్పింది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి మూడొందల అరవై ఐదు రోజులు కాదట. ఇంకా పావు రోజు పడుతుందట. ఆ పావులు నాలుగు కలిపి ఒకరోజు. పావు రోజంటే ఎన్ని గంటలమ్మా?"

"ఆరు" అంది ఆమె. అని కత్తి కింద పెట్టేసింది.

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అంతా ఆమెకు ఆ వంటింట్లోనే తెలిసిపోయింది. ధూళి దారి ఉన్నచోటే ఉంది. భూమి అక్కడికి చేరేసరికి క్యాలెండరు ఆరు గంటలు ముందుకు నడిచేస్తుంది. అందుకే నాలుగు, పది, నాలుగు, పది. ఫిబ్రవరికి ఒకరోజు కలిపాక క్యాలెండరు వెనక్కి వస్తుంది, మళ్లీ నాలుగు. అందుకే ఐదో ఏడు సరిగ్గా వచ్చింది. అయితే నక్షత్రాల లెక్కన అదే చోటికి చేరడానికి పడేది సరిగ్గా పావు రోజూ కాదు, కాస్త ఎక్కువే. అందుకే నాలుగు కాస్తా నాలుగున్నర దాటింది, ఈ ఏడు ఐదూ దాటింది. తన గడియారం తప్పలేదు. తన చెయ్యి తప్పలేదు. ఏళ్ల తరబడి ఆకాశం తనకు నిజమే చెప్పింది, తను నిజమే రాసింది. అమ్మాయి "ఎందుకేడుస్తున్నావే" అంటే ఉల్లిపాయలంది.

మర్నాడు కాగితం మీద అంతా పొందికగా రాసుకుని పెద్దసారు గదికి వెళ్లింది. మాట పెదవి మీదకు వచ్చింది. ఆయన తలెత్తకుండానే ఒక కవరు ఆమె వైపు తోశాడు.

"నీకు పర్మనెంటు చేయించాను. పైవాళ్లు ఒప్పుకోలేదు, నేనే పట్టుబట్టాను. ఏం రాశానో తెలుసా? ఈ కేంద్రంలో తప్పుల్లేని రిజిస్టరు ఈమెదొక్కటే అని రాశాను. ఏదో చెప్పడానికొచ్చినట్టున్నావ్?"

"ఏం లేదు సార్" అంది గీతలమ్మ.

అంతే. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుని గదికి వచ్చేసింది. ఆ రోజు ఇంటికి మిఠాయి తీసుకెళ్లింది. దర్జీ ఇంటింటికీ పంచాడు. అప్పట్నుంచి ఆమె తెలిసి మార్చింది. పెద్దసారు రిటైరైపోయాక మానేయొచ్చు కదా అంటారు. ఎలా మానుతుంది? ఒక జనవరిలో హఠాత్తుగా శిఖరం సాయంత్రానికి దూకితే, ఇన్నేళ్లదీ ఏమిటని అడుగుతారు. తర్వాత వచ్చిన డైరెక్టర్లు రిజిస్టరు తెరవనైనా లేదు, అయినా ఆమె భయం ఆమెది. ఏటా అంకెలు మార్చేటప్పుడు, లెక్క మాత్రం నిజమే కదా, గంట ఒక్కటే కదా అని సర్దిచెప్పుకునేది.

రిటైరవడానికి రెండు నెలల ముందు, ఫిబ్రవరిలో, పెద్ద విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎప్పుడో ఆవిరంతా అయిపోయి రాయిగా మిగిలిన తోకచుక్క ఒకటి వదిలిన ధూళి దారిని ఆమె కంప్యూటరులో లెక్కగడుతోంది. జనవరి వాన దాని నుంచే. ఇరవై ఆరేళ్లు ఒక్క ఏడూ తప్పకుండా, ఒకే యంత్రంతో, ఒకే మనిషి లెక్కపెట్టిన రికార్డు ఇంకెక్కడా లేదట.

"మీ పేరు నా పరిశోధన పత్రంలో మొదటే ఉంటుందమ్మగారూ. ఇది మీ లెక్క మీదే నడిచే పని" అంది వస్తూనే.

గీతలమ్మ ఆమెకు కుర్చీ జరిపింది. ఇన్నేళ్లకు అడిగే మనిషి వచ్చింది. గీతలెందుకు, చుట్టలెలా ఎక్కిస్తారు, విమానం గీతను ఉల్క గీత నుంచి ఎలా విడదీస్తారు, అన్నీ అడిగింది. గంటసేపు ఆమె చెబుతూనే ఉంది. ఆ గంటసేపు రిజిస్టరులో ఏముందో నిజంగానే మరిచిపోయింది.

పరిశోధకురాలు రిజిస్టరు తెరిచింది. ఒక జనవరి, ఇంకో జనవరి, మరో జనవరి. నాలుగో పేజీకి ఆమె మొహం మారింది.

"ఇదేంటండీ, ప్రతి ఏడూ పొద్దున్న నాలుగింటికేనా?"

గీతలమ్మ బ్లేడు తీసి పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది.

"నాలుగేళ్లకోసారి పెరగాల్సిన అరగంట కూడా లేదు. ఇది ఆకాశం చూసి రాసింది కాదు. కూర్చుని రాసింది."

"అంకెలు నిజమమ్మా" అంది గీతలమ్మ. "ఒక్క గీత కూడా ఎక్కువ తక్కువ వెయ్యలేదు. గంటలు మార్చాను. మార్చమన్నారు." మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది. "ఏ ఏడు ఎన్ని గంటలు జరిపానో నేను చెబుతాను. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. వెనక్కి జరిపేస్తే సరిపోతుంది కదా?"

ఆ పిల్ల దుర్మార్గురాలు కాదు. చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "ఆరేసి గంటలని మీరు లెక్కగట్టి చెబితే అది నాకు తెలిసిన లెక్కేనమ్మగారూ. పెద్ద గ్రహాలు లాగి ఆ ధూళి దారి అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. ఏ ఏడు గంట ముందొచ్చింది, ఏ ఏడు గంట వెనకొచ్చింది, ఆ తేడాయే నాకు కావాలి. అది చుట్టల మీదే ఉండింది. చుట్టలేవి?"

చుట్టల మీద అన్నాలు తిన్నారని ఎలా చెబుతుంది?

"పోనీ, మార్చమన్నాయన రాసిస్తారా? పత్రంలో వాడుకోలేకపోయినా, మీరు కల్పించలేదని నేను నాలుగు చోట్ల చెప్పగలను. ఈ సంగతి తెలిస్తే ఇక్కడి డైరెక్టరుగారు ఇది దొంగ రికార్డని పైకి రాసేస్తారు."

మర్నాడు తెల్లారగానే గీతలమ్మ పెద్దసారు ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఒళ్లు కాస్త వంగింది, గొంతు మాత్రం వంగలేదు. కాఫీ ఇప్పించాడు, అమ్మాయి పెళ్లి సంగతి అడిగాడు. ఆమె వచ్చిన పని చెప్పింది.

"నేనా? గంటలు మార్చమన్నానా?" అన్నాడు. "జాగ్రత్తగా రాయమని చెప్పి ఉంటాను. అందరికీ చెప్పేవాణ్ణి."

"మూడేళ్ల పేజీలు మీరే చించారు సార్."

"చూడమ్మా. నీకు పర్మనెంటు చేయించింది ఎవరు? ఇప్పుడీ వయసులో నా పేరు ఎందుకు లాగుతావు? ఆ రిజిస్టరులో చేతిరాత ఎవరిది? నాదా?" మగ్గు బకెట్టులో ముంచాడు. "ఇరవై ఆరేళ్లన్నావు. అందులో పదకొండేళ్లు నేను ఆఫీసులోనే లేను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ నీళ్ల బకెట్టు ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఆ మనిషి చెప్పిన వాటిలో చివరి మాట నిజం, అదే ఆమెను ఎక్కువ మండించింది. కప్పు అక్కడే వదిలేసి వచ్చేసింది.

కేంద్రంలో పరిశోధకురాలు సామాను సర్దుకుంటోంది. ఈ జనవరి చుట్టలు ఇంకా క్యాంటీనుకు పోలేదని గీతలమ్మే గుర్తుచేసింది. నాలుగో తేదీ చుట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. కొసన మొదలైన సమయం ఆమె చేతిరాతతోనే ఉంది. ఇద్దరూ వంగారు. పది నిమిషాలకు ఇన్ని అని ఆమె చెబుతుంటే ఆ అమ్మాయి రాసుకుంది. గీతలు మధ్యాహ్నం రెండు నలభైకి ముసిరి ఉన్నాయి.

"నా లెక్కలో ఒకటి యాభైకి రావాలి" అంది పరిశోధకురాలు నెమ్మదిగా. "యాభై నిమిషాలు ఆలస్యం. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఇలాంటివి ఇరవై ఆరు ఉండాల్సిందమ్మా నాకు." అనేశాక, అనకుండా ఉండాల్సిందని ఆమెకే తోచింది. "ఈ ఒక్క ఏడూ వాడుకుంటాను. కింద చిన్న అక్షరాల్లో మీ పేరు వేస్తాను."

గీతలమ్మ రిజిస్టరు దగ్గరకు లాక్కుంది. అట్ట లోపలి వైపు తెల్లగా ఉన్న చోట కలం ఆనించింది.

"ఆయన పేరు రాయండి" అంది పరిశోధకురాలు. "నేను సాక్షి సంతకం చేస్తాను. మీరెందుకు మొయ్యాలి?"

రాయాలనే కూర్చుంది. ఆ పేరు రాసి, దాని కింద రెండు గీతలు కొట్టాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చింది. కలం కదలడానికి చాలాసేపు పట్టింది. రాసింది ఇది:

'ఈ పుస్తకంలో జనవరి నెల అంకెలు నిజం, గంటలు అబద్ధం. మొదటి తొమ్మిదేళ్లలో మార్చినవి అప్పటి డైరెక్టరు చెప్పినందుకు, ఆయనకు భయపడి మార్చాను. అప్పుడు నాకు తెలియదు. తర్వాతి పదిహేడేళ్లవి తెలిసీ నేనే మార్చాను. ఎవరూ చెప్పలేదు.'

కింద తన పూర్తి పేరు రాసింది. పరిశోధకురాలు ఆ పేరు పైకి చదివింది, పలకడంలో ఎక్కడో తడబడింది. గీతలమ్మ సరిదిద్దింది. తర్వాత తొమ్మిదవుతోందని లేచి, యంత్రానికి కొత్త చుట్ట ఎక్కించి, గడియారం రెండు సార్లు చూసి, సమయం రాసింది.